పథ్యమంటే తినమనా, మానమనా? గర్భిణి మందుల చీటీ తెలుగులోకి వచ్చేటప్పుడు

నెల్లూరులో డాక్టరుకు చూపించుకుని ఆత్మకూరు బస్సెక్కే గర్భిణి చేతిలో మామూలుగా మూడు కాగితాలుంటాయి. ఒకటి స్కాన్ రిపోర్టు, ఒకటి రక్తపరీక్ష రిపోర్టు, మూడోది డాక్టరు రాసిచ్చిన చీటీ. మూడూ ఇంగ్లీషులోనే ఉంటాయి. డాక్టరు తెలుగులోనే చెప్పి ఉండవచ్చు. కానీ ఆ గదిలో గడిచే సమయం అయిదు నిమిషాలు. ఇంటికి చేరేసరికి చెప్పినదాంట్లో సగం మరిచిపోతారు, మిగిలేది చీటీ. ఇంట్లో వంట చేసేది అత్తగారు, మాత్రలు తెచ్చేది మామగారు, చీటీ చదివి చెప్పేది డిగ్రీ చదివే మరిది. అంటే ఆ ఇంట్లో అనువాదకుడు ఆ కుర్రాడే.

ఇలాంటి అనువాదం ఇంగ్లీషు వైద్యపదాల దగ్గర దెబ్బతింటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ జరిగే నష్టం తక్కువ. ‘ఆల్బెండజోల్’ అంటే ఏమిటో తెలియని అత్తగారు, తెలియదు కాబట్టి అడుగుతుంది. తెలిసిన తెలుగు మాట దగ్గర ఎవరూ అడగరు. పథ్యం, నెల, నీరు, వేడి లాంటి మాటలకు ఇంట్లో ఎప్పటినుంచో ఒక అర్థం స్థిరపడి ఉంది. చీటీలోని విషయాన్ని ఆ మాటల్లో పోస్తే పాత అర్థమే పైకి తేలుతుంది, డాక్టరు చెప్పింది అడుగున పడిపోతుంది.

ఒక ఉదాహరణను వివరంగా చూస్తే ఇది తేటపడుతుంది. ఆత్మకూరు పక్క మెట్ట ఊరు అనుకుందాం. అమ్మాయి వయసు 23, తొలి చూలు. భర్త చెన్నైలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి వచ్చిపోతాడు. చివరి నెలసరి మొదలైన రోజు జనవరి 5. మే 25న స్కాన్ చేశారు, ఆ రోజుకు సరిగ్గా 20 వారాలు. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. చీటీలో ఉన్నవి ఇవి: ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకు రెండుసార్లు, కాల్షియం 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఈ రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం, ఆల్బెండజోల్ 400 ఒక్కటే ఒక్కసారి. తర్వాత హై ప్రొటీన్ డైట్, ఆకుకూరలు. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ పరీక్ష. నాలుగు వారాల తర్వాత మళ్ళీ హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. చివర్లో, ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలో మూడు లైన్లు.

మొదటి చిక్కు ‘డైట్’ దగ్గరే వస్తుంది. ఆ మాటకు మరిది నోట సహజంగా వచ్చే తెలుగు పథ్యం. ‘డాక్టరు పథ్యం రాసిచ్చారు’ అంటాడు. ఆ మాట చెవినపడగానే అత్తగారి మనసులో కదిలేది కాన్పు అయిన ఇంటి వంట. కారం తగ్గించడం, పెరుగు ఆపడం, కూరల్లో సగం పక్కన పెట్టడం. తెలుగులో పథ్యమంటే ముందుగా మానేయడమే, తినడం తర్వాతి సంగతి. చీటీలో ఉన్నది దానికి పూర్తిగా ఎదురు. ‘ఆహార నియమాలు’ అని రాసినా పెద్ద తేడా ఉండదు, నియమం అన్న మాటలోనే కట్టడి ఉంది. దీనికితోడు, కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్న భయం చాలా ఇళ్ళలో ఉండనే ఉంది. పథ్యం అన్న మాట ఆ భయానికి డాక్టరు ముద్ర వేసిపెడుతుంది.

కాబట్టి ఆ శీర్షికను అసలు అనువదించకుండా ‘రోజూ అదనంగా పెట్టాల్సినవి’ అని రాయడం మేలు. అదనంగా ఎంత అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకు సుమారు 350 కేలరీలు ఎక్కువ కావాలి. ఈ అంకెతో వంటింట్లో పనిలేదు. గిన్నెడు అన్నం, గరిటెడు ముద్దపప్పు, ఒక ఉడికించిన గుడ్డు కలిపితే దాదాపు అంత అవుతుంది. ‘మూడు పూటల భోజనం కాకుండా సాయంత్రం ఇంకో చిన్న భోజనం’ అని రాస్తే అత్తగారికి ఎసట్లో ఎన్ని బియ్యం పోయాలో అర్థమవుతుంది. మెట్ట ఇంట్లో అన్నం బదులు సంగటి ముద్ద అయినా ఫర్వాలేదు, అది వాళ్ళ ఇష్టానికి వదిలేయాలి.

ప్రొటీన్ సంగతి ఇంకా విచిత్రం. పాఠ్యపుస్తకాల్లో దానికి మాంసకృత్తులు అని రాస్తారు. తరగతి గదిలో ఆ మాట బాగానే ఉంటుంది. వంటింట్లో అది మాంసం కూర అయి కూర్చుంటుంది. నీచు తినని ఇంట్లో ఆ లైను తమకు వర్తించదనుకుని వదిలేస్తారు. తినే ఇంట్లో ఆదివారం కోడికూరతో పని అయిపోయిందనుకుంటారు. చీటీ అడిగేది రోజూ కొంచెం. అదే 2020 లెక్కలో నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా రోజుకు సుమారు 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనంగా కావాలని ఉంది. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములుంటుంది, గ్లాసు పాలల్లో మరో 6. అంటే ఇప్పటికి రోజూ గుడ్డు, గ్లాసు పాలు. ఏడో నెల నుంచి వాటికి తోడు ఇంకో గరిటె పప్పు, చేపల ముక్క, గుప్పెడు ఉడికించిన శనగలు లాంటివి. గుడ్లు, పాలు అంగన్‌వాడీ నుంచి వస్తాయి. అవి ఇంటిల్లిపాదికీ పంచకుండా అమ్మాయికే పెట్టాలని కాగితంలో ఒక లైను వేయడం అనువాదకుడు హద్దు దాటడమేమీ కాదు. ఎవరికి అన్నది తేలకుండా ఎంత అన్నది రాసినా ఉపయోగం లేదు.

అమెరికాలో ఉన్న ఆడపడుచు పంపే కరపత్రం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నెల్లూరు జిల్లాలో ఇది కొత్తేమీ కాదు. మెత్తటి చీజ్ తినవద్దు, పచ్చి చేపలతో చేసిన సుషీ వద్దు, చల్లటి మాంసం ముక్కలు వద్దు అని దాంట్లో అరపేజీ ఉంటుంది. చేపల్ని చింతపండు పులుసులో కుతకుత ఉడికించి మర్నాడు తినే ఊరికి ఆ అరపేజీ అక్కరలేదు. పైగా దాన్ని మక్కీకి మక్కీ తెలుగు చేస్తే ‘పచ్చి చేపలు వద్దు’ అవుతుంది. మన దగ్గర పచ్చి చేపలంటే ఎండు చేపలు కానివి, అంటే బజారులో దొరికే తాజా చేపలు. ఇంట్లో చేపల కూరే ఆగిపోతుంది. మాంసం, చేపలు తిన్నప్పుడు ఆకుకూరల్లోని ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ 9.2 ఉన్న అమ్మాయికి అది నేరుగా నష్టం.

ఆ 9.2 దగ్గరికి వద్దాం. గర్భిణికి 11 లేదా అంతకు మించి ఉంటే సరిపోయినట్టు లెక్క. 10 నుంచి 10.9 వరకు తేలికపాటి రక్తహీనత, 7 నుంచి 9.9 వరకు రిపోర్టు భాషలో ‘మోడరేట్’, 7 కన్నా తగ్గితే తీవ్రం. మోడరేట్‌ను ‘మధ్యరకం’ అని తెలుగు చేస్తే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మధ్యరకం అంటే ఫర్వాలేదనే కదా. కానీ మామూలుగా రోజుకు ఒకటి వేసుకునే మాత్రను రెండు చేసింది ఈ మోడరేటే. ‘రక్తం 11 ఉండాలి, 9.2 ఉంది, అందుకే రెండు మాత్రలు’ అని రాస్తే మందుకూ అంకెకూ సంబంధం కనబడుతుంది. బీట్‌రూట్ రసం, ఖర్జూరం, బెల్లం పెడితే సరిపోదా అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పెట్టవచ్చు, కానీ 9.2ని కాన్పులోపు 11కు తెచ్చే పని తిండి ఒక్కదానితో అయ్యేది కాదు. బీట్‌రూట్ ఎరుపుకూ రక్తం ఎరుపుకూ చుట్టరికం లేదు.

ఇక మాత్రల వేళలు. చీటీలో ‘బీడీ’ అన్న అక్షరాలు చూసి నవ్వుకున్న కుటుంబాలు లేకపోలేదు. రోజుకు రెండుసార్లు అనడానికి వైద్యులు వాడే లాటిన్ పొట్టి అక్షరాలవి. దాన్ని ‘పొద్దున, రాత్రి’ అని తెలుగు చేయడం మామూలు. అక్కడే తప్పు దొర్లుతుంది. ఐరన్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కాల్షియం కూడా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇంకేముంది, రెండూ కలిపి ఒకే గుక్కలో, అదీ పాలతో. పాలల్లోనూ కాల్షియమే ఉంది. కాల్షియం పక్కనుంటే పేగులు ఐరన్‌ను సరిగా పీల్చుకోవు. టీ, కాఫీలు కూడా ఐరన్‌ను అడ్డుకుంటాయి. నెలంతా ఒక్క పూట తప్పకుండా మాత్రలు మింగినా అంకె కదలదు. మందు పనిచేయడంలేదని ఇంట్లోవాళ్ళు, మందు వేసుకోవడంలేదని ఆస్పత్రివాళ్ళు అనుకుంటారు. అమ్మాయి ఇద్దరి మధ్యా మాటలు పడుతుంది.

ఇక్కడ చీటీలో ఉన్న మాట కన్నా ఇంటి గడియారం ముఖ్యం. ఆ ఇంట్లో ఉదయం ఆరింటికి టీ, ఎనిమిదికి టిఫిను, ఒంటిగంటకు భోజనం, నాలుగింటికి మళ్ళీ టీ, రాత్రి ఎనిమిదికి భోజనం అనుకుందాం. నాలుగు మాత్రలను వీటి మధ్య ఇమడ్చాలి. కాల్షియం తిండితోపాటు పడితే మంచిది కాబట్టి టిఫిను కాగానే ఎనిమిదిన్నరకు ఒకటి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటిన్నరకు ఒకటి. ఐరన్ పదకొండింటికి ఒకటి, రాత్రి పదింటికి పడుకోబోయే ముందు ఒకటి. పదకొండింటి మాత్ర నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే ఇంకా మంచిది, పులుపు ఐరన్‌ను లోపలికి లాగుతుంది. నాలుగింటి టీ దేనికీ అడ్డురాదు. రాత్రి పడుకునేముందు పాలు తాగే అలవాటును మాత్రం టిఫిను వేళకు మార్చాలి. ఖాళీ కడుపున ఐరన్ పడితే కొందరికి వికారంగా ఉంటుంది, అలాంటప్పుడు పదకొండింటి మాత్రకు ముందు ఒక జామకాయో అరటిపండో తింటే చాలు.

ఈ వేళలు ఆ ఒక్క ఇంటివి. ఇంకో ఇంట్లో పొద్దున్నే చద్దన్నం తిని చేనికి పోయే పని ఉండవచ్చు, అక్కడ పదకొండింటికి మాత్ర వేసుకునే వీలే ఉండదు. వేళలు వేసుకున్న కాగితాన్ని ఒకసారి ఏఎన్ఎంకో, మందుల షాపులో ఫార్మసిస్టుకో చూపించి సరే అనిపించుకోవాలి. రెండు గంటల ఎడం ఉంచడం డాక్టరు మాట, దాన్ని ఎనిమిదిన్నరకూ పదకొండుకూ అమర్చడం అనువాదకుడి పని. మోతాదు మార్చడం, మాత్ర మానిపించడం అతని పని కాదు.

వేడి అన్న మాట కూడా ఈ మాత్రల దగ్గరే ఎదురవుతుంది. మే 25 అంటే రోహిణి కార్తె వచ్చే రోజులు. రోళ్ళు పగిలే ఎండల్లో ఐరన్ మాత్రలు ‘వేడి చేస్తాయి’ అని పది రోజులు ఆపేయడం ఈ ప్రాంతంలో మామూలు. దానికి ఆధారంగా చూపేవి కడుపులో మంట, మలబద్ధకం, నల్లటి విరేచనం. ఇవి మూడూ ఐరన్‌తో నిజంగానే వస్తాయి, వేడి వల్ల కాదు. ఒంటికి పట్టకుండా మిగిలిన ఐరన్ బయటికి పోతూ మలాన్ని నల్లగా చేస్తుంది. ఈ సంగతి ముందే రాసిపెట్టకపోతే నల్ల విరేచనం చూసి రక్తం పోతోందని భయపడతారు. ‘ఈ మాత్రతో మలం నల్లగా వస్తుంది, భయం లేదు, ఆపవద్దు. గట్టిగా అవుతుంటే నీళ్ళు, మజ్జిగ, ఆకుకూరలు పెంచాలి. మంట తట్టుకోలేకపోతే ఆపే ముందు అడగాలి’ అని రాయాలి. వేడి అన్న నమ్మకం మీద వాదన పెట్టుకుంటే గెలవడం కష్టం. మజ్జిగ, తాటి ముంజలు, కొబ్బరినీళ్ళు చలువ చేస్తాయని వాళ్ళే అంటారు. అవి పెడుతూ మాత్ర కొనసాగించమంటే గొడవ ఉండదు. మజ్జిగ కూడా పాల వస్తువే కాబట్టి మాత్ర వేళకు కాస్త దూరంగా తాగాలి.

మాత్రలు పనిచేస్తున్నాయో లేదో తెలిసేది నాలుగు వారాల తర్వాతి పరీక్షలోనే. నెలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. 9.2 కాస్తా 10.2 దాటితే దారిలో ఉన్నట్టు. 9.4 దగ్గరే ఆగితే మాత్రలు పడుతున్న పద్ధతిలోనో, ఒంట్లోనో ఏదో ఉంది, పెద్ద ఆస్పత్రిలో చూపించాలి. మామగారికి ఒక చిన్న లెక్క అప్పగిస్తే ఇంట్లోనే కొంత తెలిసిపోతుంది. నాలుగు వారాలకు ఐరన్ 56 మాత్రలు అయిపోవాలి. పాతిక మిగిలాయంటే డాక్టరు దగ్గర మందు మార్చమని అడిగే ముందు ఆ సంగతి చెప్పాలి.

ఆల్బెండజోల్ విషయం రెండు మాటల్లో ముగించవచ్చు, కానీ ఆ రెండు మాటలు జాగ్రత్తగా ఎంచుకోవాలి. కడుపులో పురుగులు పోవడానికి ఇచ్చే మాత్రను తొందరలో ‘పురుగుల మందు’ అని రాసిన కాగితం ఊళ్ళో చదివితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మిరప చేలకు, పత్తి చేలకు కొట్టే మందు అది. ‘నులిపురుగుల మాత్ర, ఒక్కటే ఒక్కసారి, రాత్రి పడుకునే ముందు’ అని ఉండాలి. మొదటి మూడు నెలల్లో ఈ మాత్ర ఇవ్వరు. కాబట్టి ఇంట్లో ఇంకో కోడలు కొత్తగా నెల తప్పి ఉంటే ఆమెకు దీన్ని పంచకూడదన్న ముక్క కూడా చేరాలి. ఇళ్ళలో మాత్రలు చేతులు మారడం కొత్త కాదు.

ఇక నెల. అన్నిటికన్నా నిశ్శబ్దంగా నష్టం చేసేది ఈ మాటే. ఆస్పత్రి వారాల్లో లెక్కపెడుతుంది, అదీ చివరి నెలసరి మొదటి రోజు నుంచి. ఇల్లు నెలల్లో లెక్కపెడుతుంది, చాలాసార్లు నెల తప్పిన రోజు నుంచి. ఈ రెండు మొదళ్ళ మధ్యే సుమారు నాలుగు వారాల తేడా ఉంది. దానిమీద ‘అయిదో నెల పడింది’, ‘అయిదు నెలలు నిండాయి’ అనే రెండు పలుకుబళ్ళు ఇంకో నెల తేడా తెస్తాయి.

మన ఉదాహరణలో గ్లూకోజ్ పరీక్షకు 24 నుంచి 28 వారాలు అని రాసి ఉంది. మరిది నాలుగు వారాలకు ఒక నెల చొప్పున భాగించి ‘ఆరు నెలలు నిండాక’ అని చెప్పాడనుకుందాం. లెక్క చూడటానికి తప్పులేదు. అత్తగారి లెక్కలో నెల తప్పింది ఫిబ్రవరి 5న. అక్కడినుంచి ఆరు నెలలు నిండేది ఆగస్టు 5న. ఆస్పత్రి లెక్కలో ఆ రోజుకు 30 వారాలు దాటిపోయాయి. గడువు జూన్ 22న మొదలై జూలై 20తో అయిపోయింది. కుటుంబం చెప్పినట్టే చేసింది, మరిది చదివినట్టే చెప్పాడు, అయినా రెండు వారాలు ఆలస్యం. అప్పుడు షుగర్ బయటపడితే బిడ్డ బరువును అదుపులో పెట్టడానికి దొరకాల్సిన రోజులు పోయినట్టే.

దీనికి మందు ఒక్కటే. వారాలను నెలల్లోకి మార్చకూడదు, తేదీల్లోకి మార్చాలి. ‘జూన్ 22కూ జూలై 20కీ మధ్య షుగర్ పరీక్ష. నాలుగు వారాల తర్వాత రమ్మన్నది కూడా జూన్ 22కే కాబట్టి రెండూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి. కాన్పు అంచనా తేదీ అక్టోబరు 12’ అని రాయాలి. కాన్పు తేదీ లెక్క కూడా కష్టం కాదు. చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలపడమే. నెలసరి తేదీ సరిగా గుర్తులేని చోట మొదటి స్కాన్‌లో ఇచ్చిన తేదీనే పట్టుకోవాలి. తేదీల పక్కన కావాలంటే పంచాంగం ప్రకారం మాసం పేరు కూడా రాయవచ్చు, పెద్దవాళ్ళకు జ్యేష్ఠం, ఆషాఢం అంటేనే గుర్తుంటుంది.

ఆ పరీక్షకు పరగడుపున రావాలా, తిని రావాలా అన్నది ఇంకో ప్రశ్న. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పాటించే పద్ధతిలో, తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం తీస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భంతో వచ్చిన షుగర్‌గా చూస్తారు. కొన్ని ప్రైవేటు ఆస్పత్రుల్లో పరగడుపున ఒకసారి, తాగాక రెండుసార్లు తీస్తారు. ‘షుగర్ టెస్ట్’ అన్న మాట ఇంట్లో వినగానే పరగడుపు అనే అర్థం దానంతట అదే వచ్చి చేరుతుంది, ఎందుకంటే మామగారి షుగర్ పరీక్ష అలాగే చేస్తారు. రక్తం తక్కువున్న అమ్మాయి ఏమీ తినకుండా ఎండలో ఆత్మకూరు నుంచి నెల్లూరు బస్సులో నిలబడి వస్తుంది. అక్కరలేని చోట ఈ కష్టం ఎందుకు? చీటీలో స్పష్టంగా లేకపోతే ఫోన్ చేసి అడిగి, జవాబును కాగితంలో రాయాలి. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష లెక్కకు రాదు, మర్నాడు మళ్ళీ చేయాలి. రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి, మధ్యలో ఏమీ తినకూడదు అన్నది కూడా చెబితే తిరుగు బస్సు ఎప్పుడో మామగారు చూసుకుంటారు.

చీటీ చివరి మూడు లైన్ల దగ్గర అడ్డొచ్చేది భాష కాదు, సిగ్గు. యోని నుంచి రక్తం, నీరు పోవడం గురించి ఉన్న లైన్లను పందొమ్మిదేళ్ళ మరిది వదినకూ అమ్మకూ చదివి చెప్పాలి. ‘అవేవో మామూలు జాగ్రత్తలే’ అని దాటేస్తాడు. అతన్ని తప్పుపట్టడం అన్యాయం. కానీ మొత్తం చీటీలో ప్రాణం మీదికి వచ్చే లైన్లు అవే. వాటిని అతను నోటితో చెప్పకుండా రాసి ఇవ్వడమో, ఆశా కార్యకర్తతో చెప్పించడమో చేయాలి. మాటలు ఇంటి మాటలే చాలు. ‘కింద నుంచి రక్తం కనిపించినా, ఉన్నట్టుండి నీళ్ళు పోయినా వెంటనే బయల్దేరాలి. నొప్పులు రాలేదు కదా అని ఆగకూడదు.’ ‘తెల్లబట్ట’ అనే మాట ఇక్కడ వాడితే ఉమ్మనీరు పోవడాన్ని కూడా దానికిందే జమకట్టి ఊరుకుంటారు.

వాపు గురించిన లైను దగ్గర నీరు అన్న మాట మళ్ళీ దెబ్బకొడుతుంది. మనకు వాపు అంటే ‘నీరు పట్టడం’. నీరు పట్టింది కాబట్టి నీళ్ళు తగ్గించాలన్నది ఇంటి వైద్యం. రోహిణి కార్తెలో గర్భిణికి మంచినీళ్ళు తగ్గిస్తే ఏమవుతుందో ఆలోచించండి. డాక్టరు అడుగుతున్నది నీళ్ళ గురించి కాదు, బీపీ గురించి. సాయంత్రానికి పాదాలు కాస్త పొంగడం చాలామందికి ఉంటుంది. ముఖం, చేతులు వాచి, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మసకలు, పక్కటెముకల కింద నొప్పి వస్తే అది బీపీ పెరిగిన గుర్తు కావచ్చు. 140/90 దాటితే ఇంట్లో ఉండే విషయం కాదు. అందుకే ‘నీరు’ అన్న మాట లేకుండా రాయాలి. ‘పొద్దున లేచేసరికి ముఖం వాచినట్టున్నా, గాజులు బిగుసుకున్నా, తలనొప్పితో చూపు మసకబారినా ఆ రోజే బీపీ చూపించాలి. మంచినీళ్ళు తగ్గించకూడదు.’ గాజుల గుర్తు ఏ వైద్య పుస్తకం నుంచీ రాలేదు, కానీ చేతుల వాపును పట్టిచ్చే పరికరం ప్రతి ఇంట్లో ఉంది.

బిడ్డ కదలికలు తగ్గడం గురించిన లైనుకు ఎదురుగా నిలబడే నమ్మకం ఒకటుంది. తొమ్మిదో నెలలో బిడ్డ కిందికి దిగి కదలడం మానేస్తుందని పెద్దవాళ్ళంటారు. కదలిక తీరు మారవచ్చు, ఆగిపోకూడదు. ఆ నమ్మకాన్ని పేరుపెట్టి కాదంటేనే ఈ లైను పనిచేస్తుంది. ‘నెలలు నిండినా బిడ్డ రోజూ కదలాలి. అలవాటుగా కదిలే వేళకు కదలకపోతే మర్నాటిదాకా ఆగవద్దు’ అని.

స్కాన్ రిపోర్టును మాత్రం ఇంట్లో తెలుగు చేయకపోవడమే క్షేమం. దాంట్లో ‘లికర్ అడిక్వేట్’ అని ఉంటుంది. నిఘంటువు తీసిన మరిదికి లికర్ అంటే మద్యం అని కనిపిస్తుంది. అది ఉమ్మనీరు, సరిపోయినంత ఉందని అర్థం. ‘ప్లసెంటా యాంటీరియర్’ అంటే మాయ గర్భసంచి ముందు గోడకు అతుక్కుందని. అందులో భయపడాల్సింది లేదు. ‘మాయ ముందుంది’ అని చెబితే, మాయ కిందికి జారి బిడ్డకు దారి అడ్డుకునే ఇంకో పరిస్థితితో కలిసిపోయి ఇల్లంతా టెన్షన్ పడుతుంది. ఆ రిపోర్టు రాసింది డాక్టరు కోసం. ‘స్కాన్‌లో అన్నీ బాగున్నాయా, ఏమైనా చెప్పారా’ అన్న ఒక్క ప్రశ్నకు ఆస్పత్రిలోనే జవాబు తెచ్చుకుంటే చాలు.

అనువాదం సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ‘అర్థమైందా’ అని అడిగితే లాభం లేదు. అత్తగారు ‘ఆ, అర్థమైందిలే’ అంటారు. ‘రేపు పదకొండింటికి ఏ మాత్ర వేస్తావమ్మా? దాంతో పాలివ్వొచ్చా?’ అని అడగాలి. ‘పాలతోనే కదరా, వేడి చేయకుండా’ అని జవాబొస్తే తప్పు ఆమెది కాదు, కాగితానిది. అక్కడే దిద్ది మళ్ళీ అడగాలి. రంగులు సాయపడతాయి. ఎర్రమాత్ర, తెల్లమాత్ర అంటే పేర్లతో పనిలేదు. అయితే షాపులో కొన్న ఐరన్ ఎప్పుడూ ఎర్రగా ఉండాలని లేదు, స్ట్రిప్ మారినప్పుడు కాగితంలో రంగు కూడా మార్చాలి.

సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్ళే రోజున ఈ కాగితం మళ్ళీ రాయాల్సి ఉంటుంది. తల్లిగారి ఊరు కోవూరు పక్క మాగాణి అనుకుంటే అక్కడి గడియారం వేరు. టిఫిను తొమ్మిదికి, భోజనం రెండింటికి, ఇంటికొచ్చినవాళ్ళతో కలిసి మూడుసార్లు టీ. సంగటి ఉండదు, చేపలు తరచుగా ఉంటాయి. ఆత్మకూరు వేళలు అక్కడ గోడకు అంటించినా నడవవు. తేదీలు మాత్రం అవే. అత్తగారింటి కాగితాన్ని మడిచి సంచిలో పెట్టి పంపడం కన్నా, అమ్మాయి తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ చేతే ఆ ఇంటి వేళలు చెప్పించి రాస్తే మంచిది.

కొత్త కాగితంలో కింద ఒక లైను చేరాలి. కాన్పయ్యాక ఆ ఇంట్లో అసలైన పథ్యం మొదలవుతుంది, ఈసారి మాట తప్పేమీ కాదు. కూరలు తగ్గుతాయి, పెరుగు ఆగుతుంది, వాటితోపాటు ‘బిడ్డ పుట్టేసింది కదా’ అని మాత్రలు కూడా ఆగిపోతాయి. కానీ ఐరన్, కాల్షియం రెండూ కాన్పు తర్వాత ఆరు నెలలు కొనసాగాలి. తిండి సంగతి తల్లి, అమ్మమ్మ ఎంతవరకు సర్దుకుంటారో వాళ్ళ ఇష్టం. మాత్రల సంగతి మాత్రం ఇలా ఉండాలి: ‘కాన్పు అక్టోబరులో అయితే ఎర్రమాత్ర, తెల్లమాత్ర ఏప్రిల్ దాకా. పథ్యంలో ఉన్నా వేసుకోవాలి. రోజుకు ఎన్ని అన్నది డిశ్చార్జ్ చీటీ చూసి ఇక్కడ రాయాలి.’ ఆ పక్కన కొంత ఖాళీ వదలాలి.